రినో రాసిన వాక్యం

జానీన్ డేగల్‌కి థాంక్యూ కార్డులంటే మొదట్లో పెద్ద గౌరవం ఉండేది కాదు. జీతం తీసుకుని చేసే పనికి మళ్ళీ ఈ దండాలెందుకు అనేది. అమెరికా ఉత్తరపు కొసన, ఇళ్ళలో ఫ్రెంచి మాట్లాడే సెయింట్ జాన్ నది లోయలో, బంగాళాదుంపల పొలంలో పుట్టిన మనిషి. దుంపలు తవ్వే కాలం వస్తే బడి మూసేసి పిల్లలందర్నీ పొలాల్లోకి తోలే చోట పెరిగింది. అక్కడ బుట్ట నిండిందా లేదా అన్నదే చూస్తారు తప్ప, నిండినందుకు ఎవరూ చేతులు జోడించరు. ఆ వంగడాలూ మోయడాలూ అలవాటైన నడుమే తర్వాత ఆసుపత్రిలో పనికొచ్చింది. మంచం మీది మనిషిని నొప్పి తెలియకుండా పక్కకి తిప్పాలంటే వార్డులో జానీన్ తర్వాతే ఎవరైనా. భర్త లియో కలప లారీ తోలతాడు. ఇద్దరూ ఎప్పుడో ఆదివారం పూట తప్ప ఇంట్లో ఒకరికొకరు కనపడరు, అందుకే ఇంతకాలం కలిసున్నామని ఆమే నవ్వుతూ చెప్తుంది.

కార్డుల మీద మనసు మారింది మాత్రం నిజం. వయసు మీదపడే కొద్దీ ఆమె వాటిని పారేయడం మానేసింది. వంటింటి సొరుగులో, చెంచాల పక్కన, రబ్బరు బ్యాండు వేసి పెట్టుకుంటుంది. లియో చెంచా కోసం చెయ్యి పెట్టినప్పుడల్లా చచ్చినవాళ్ళ కాగితాలు తగులుతున్నాయని గొణుగుతాడు. గొణగనీ, చెంచా ఎక్కడికీ పోలేదుగా అంటుంది.

వార్డుకి వచ్చే కార్డు ఎవరికి పడితే వాళ్ళకి చేరదు, దానికో దారుంది. వార్డు అందరి పేరా వస్తే గుమాస్తా విప్పి, సిబ్బంది టీ తాగే గదిలో గోడకి గుచ్చుతుంది. ఒక్క నర్సు పేరా వస్తే ముందు మేనేజరు ట్రిషా బూషార్ చదువుతుంది, ఒక నకలు ఆ నర్సు ఫైల్లో పెడుతుంది, అసలుది చేతికిస్తుంది. కార్డుతో పాటు చాక్లెట్లో, కేకో వస్తే టీ గదిలో బల్ల మీద పెట్టాలి, అందరూ తినాలి. డబ్బు గానీ, దుకాణం కూపను గానీ వస్తే మర్యాదగా తిప్పి పంపాలి. జీతాలు పెంచమని అడిగిన ఏడాది కూడా ఆ ఫైల్లో కార్డుల్నే చూపించి, మిమ్మల్ని జనం ఎంత ప్రేమిస్తున్నారో చూడండి అన్నారు పైవాళ్ళు. జానీన్ ఆ మాట ఇంకా మర్చిపోలేదు.

తెరియో వాళ్ళ కార్డు ఆ దారిన రాలేదు. శనివారం గుమాస్తా ఉండదు, ట్రిషా ఉండదు. ఆల్ఫోన్సిన్ తెరియోని మట్టిచేసి వారం తిరక్కముందే, ఆమె కూతురు నోర్మా చర్చికి పోతూ దారిలో ఆగి, కవరు నేరుగా జానీన్ చేతిలో పెట్టి, రెండు చేతులూ పట్టుకుని, వెళ్ళిపోయింది. జానీన్ దాన్ని మందుల గదిలో నిలబడి విప్పింది.

నోర్మా రాత గుండ్రంగా, బడిపంతులమ్మ రాతలా ఉంది. అమ్మతో మన ఫ్రెంచిలోనే మాట్లాడావు, రోజూ జుట్టు దువ్వి జడ వేశావు, చెప్పకుండా ఒక్కసారి కూడా అమ్మ మీది దుప్పటి తీయలేదు, మేం ఏడిస్తే తొందరపెట్టలేదు అని వరసగా రాసింది. ఊరికే నువ్వు దేవతవి అని రాసి చేతులు దులుపుకునే కార్డు కాదది. ఆ కింద వేరే రాత. పెన్ను గట్టిగా నొక్కి, అక్షరాలు పొలం గట్ల మాదిరి వంకరగా రాసినది నోర్మా అన్న రినో.

"మా పొలం పిండితో చేసిన ప్లోయ్ మా అమ్మకి నీ చేత్తో కడుపునిండా తినిపించావు. ఆకలితో పోలేదు. బతికున్నంత కాలం గుర్తుంచుకుంటాను. రినో."

జానీన్ ఆ వాక్యం మళ్ళీ చదివింది. కార్డు మడిచి జేబులో పెట్టుకుని, మందుల గది తలుపు వేసుకుంది.

జరిగింది ఇదీ. ఆల్ఫోన్సిన్‌కి పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది, దాంతో పాటు మింగడమూ దెబ్బతింది. మింగుడు పరీక్ష చేసే ఆవిడ వచ్చి చూసి, మామూలు తిండి వద్దు, మెత్తగా రుబ్బినదే పెట్టాలి, నీళ్ళు కూడా పొడి కలిపి చిక్కగా చేసి చెంచాతోనే ఇవ్వాలి అని రాసింది. డాక్టరు సంతకం పెట్టాడు. మింగలేని మనిషికి మామూలు తిండి పెడితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, న్యుమోనియా వస్తుంది, ఆ లోయలో అలా పోయినవాళ్ళు ఎందరో ఉన్నారు. ఆల్ఫోన్సిన్ మాత్రం ఆ రుబ్బిన క్యారెట్‌ని చూసి మొహం తిప్పేసుకునేది. దవడ బిగించేది. పదిమంది పిల్లలకి వండి పెట్టిన మనిషి, ఇది తిండా అన్నట్టు చూసేది.

తర్వాత ఒక మధ్యాహ్నం డాక్టరు కుటుంబంతో కూర్చున్నాడు. నోర్మా గదిలో ఉంది, రినో పొలంలోంచి ఫోన్లో ఉన్నాడు. తవ్వకాలు జోరుగా సాగుతున్నాయి, మొదటి గట్టి మంచు పడేలోగా దుంపలు లోపలికి చేరాలి. ఇక బలవంతాలు వద్దు, గొట్టాలు వద్దు, బాధ లేకుండా చూడండి, ఇష్టమైనది రుచి చూపించండి అని అందరూ ఒప్పుకున్నారు. డాక్టరు సరే అని తలూపి, ఆర్డర్లు మారుస్తానని చెప్పి, బయట క్లినిక్‌లో రోగులు కాచుక్కూర్చున్నారని వెళ్ళాడు. మార్చింది మర్నాడు పొద్దున. ఆ సాయంత్రానికి కంప్యూటర్లో ఉన్నది మాత్రం పాత ఆర్డరే.

ఆ సాయంత్రమే నోర్మా సిబ్బందికని ఒక గిన్నెడు ప్లోయ్‌లు తెచ్చింది. బక్‌వీట్ అనే గింజల పిండితో పోసే పల్చటి అట్లు అవి, ఒక్క వైపే కాలుస్తారు, పైన చిల్లులు పడతాయి, ఆ చిల్లుల్లో వెన్న ఇంకుతుంది. పిండి రినో పొలంది. నోర్మా ఫోన్ మోగి నడవాలోకి వెళ్ళింది. ఆల్ఫోన్సిన్ వాసన పట్టి కళ్ళు తెరిచింది. ఎన్నో రోజుల తర్వాత కళ్ళు అంత తేటగా ఉన్నాయి. గిన్నె వైపు చూసి, పడిపోని చెయ్యి చాపింది.

జానీన్ ఫోన్ చేసి ఉండాల్సింది. డాక్టరు ఫోన్లో సరే అంటాడు, ఆమె తిరిగి చదివి వినిపిస్తుంది, రాసుకుంటుంది, ఆర్డరు మారినట్టే. కానీ క్లినిక్‌కి చేస్తే లైన్లో పెడతారు, డాక్టరు ఎప్పుడు ఎత్తుతాడో తెలియదు, ఈలోగా ముసలామె మళ్ళీ నిద్రలోకి జారుకుంటుంది. అది జానీన్‌కి బాగా తెలుసు. మంచం తలవైపు నిటారుగా లేపింది, గడ్డం కిందికి దించమంది, వెన్నలో నానిన చిన్న ముక్క నాలుక మీద బాగున్న వైపు పెట్టింది. ఆల్ఫోన్సిన్ నమిలింది. మింగింది. కళ్ళు మూసుకుంది. రెండో ముక్క పెట్టింది. అదీ మింగింది, కానీ ఆ తర్వాత గొంతులో తడిగా గురగుర మంది. అది మంచి చప్పుడు కాదు, తిండి ఊపిరి దారి పడుతోందనే చప్పుడు.

ఇంకా, అంది ఆల్ఫోన్సిన్ ఫ్రెంచిలో. మాట పూర్తిగా రాలేదు గానీ అర్థమైంది. మళ్ళీ చెయ్యి చాపింది. జానీన్ గిన్నె పక్కకి జరిపింది. వద్దు మెమేర్, కాసేపాగి, అని తన అమ్మమ్మని పిలిచే పిలుపుతోనే పిలిచి, స్పాంజితో నోరు తుడిచింది. నోర్మా తిరిగొచ్చేసరికి తల్లి గడ్డం మీద వెన్న మెరుస్తోంది. అమ్మ తింది అని నోర్మా ఏడుస్తూ, నవ్వుతూ అన్నకి ఫోన్ చేసింది. ఆ కాసేపు మళ్ళీ రాలేదు. ఆల్ఫోన్సిన్ ఆ రాత్రి నుంచి పూర్తిగా మేలుకోలేదు, మూడో నాడు పోయింది. జానీన్ ఆ సాయంత్రం కంప్యూటర్లో రాసింది ఒక్కటే: రుబ్బిన ఆహారం ఇవ్వబోగా నిరాకరించింది. అది నిజమే. సగం నిజం.

ఇంకో చిక్కుంది. అంతకుముందో ఏడు, చావుబతుకుల్లో ఉన్న ఒక ముసలి వేటగాడి కుక్కని జానీన్ వెనక మెట్ల మీంచి పైకి తెచ్చింది. కుక్క వచ్చి మంచమెక్కి మొహం నాకింది, ముసలాయన హాయిగా పోయాడు, కుక్క మాత్రం పోతూ పోతూ నడవాలో తన గుర్తు వదిలేసి పోయింది. దానికి రాతపూర్వకంగా హెచ్చరిక పడింది. ట్రిషా ఆ కాగితం ఇస్తూ, జానీన్, ఇంకోసారి ఇలాంటిది నేను రాయాల్సి వస్తే అది నా చేతుల్లో ఉండదు, రాష్ట్ర నర్సింగ్ బోర్డుకి పోతుంది అని చెప్పింది. బోర్డుకి పోతే లైసెన్సు మీదికే రావచ్చు. అది పోతే ఆమె నర్సే కాదు. మిగిలిన జీవితమంతా లియో లారీ లెక్కలు చూసుకుంటూ కూర్చోవాలి.

అయితే కార్డు తన జేబులోనే ఉంది, ఎవరూ చదవలేదు. సొరుగులోకి పోతే సరి. కాసేపు ఆమెకి ఊపిరాడింది.

మర్నాడు చర్చి అయ్యాక మెట్ల మీద కాఫీ తాగుతుంటే, ఎవరో పక్కనుంచి, బుధవారం పేపర్లో నీ పేరు రాబోతోందటగా, తెరియో వాళ్ళు కృతజ్ఞతల్లో వేయిస్తున్నారు అన్నారు. జానీన్ కాఫీ కప్పు మెట్టు మీద పెట్టేసింది. ఎలా మర్చిపోయింది తను. ఆ లోయలో మనిషి పోతే కుటుంబం వారపత్రికలో కృతజ్ఞతలు వేయించకుండా ఉండదు. పాదిరికి, పువ్వులు పంపినవాళ్ళకి, గొయ్యి తవ్వినవాళ్ళకి, నర్సులకి, పేరు పేరునా. ఎవరి పేరైనా మర్చిపోతే పదేళ్ళు మాటలుండవు. పేపరు రాగానే జనం ముందు చావుకబుర్లు చదువుతారు, తర్వాత కృతజ్ఞతలు, ఆ తర్వాతే ప్రపంచంలో మిగతావి. ఆసుపత్రి పైవాళ్ళూ అంతే. నోర్మా కార్డులో రాసినదే పేపరుకిచ్చిందట, రినో వాక్యంతో సహా. సోమవారం మధ్యాహ్నం దాకా మార్పులు చేసుకోవచ్చు.

ఒక్క వాక్యం. ఆ ఒక్కటీ తీసేయమంటే చాలు. నోర్మా మంచిది, కారణం చెప్తే కాదనదు. జానీన్ ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళింది.

వంటింట్లో రినో ఉన్నాడు. చేతులింకా మట్టి రంగులోనే ఉన్నాయి, కొత్త దుంపల బస్తా తెచ్చి గుమ్మం దగ్గర పడేసినట్టున్నాడు. జానీన్‌ని చూసి లేచి నిలబడి, టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు. కూర్చోబెట్టారు, కాఫీ పోశారు. జానీన్ ఎలా మొదలెట్టాలా అని చూస్తుంటే నోర్మానే అందుకుంది.

"మా అన్న జన్మలో కార్డు మీద సంతకం తప్ప ఇంకోటి రాసిన మనిషి కాదు. పెళ్ళి కార్డుల మీద కూడా వదినే రాస్తుంది. దీని మీద మాత్రం పెన్ను లాక్కున్నాడు."

రినో తల దించుకుని బల్ల మీద గీతలు చూస్తూనే చెప్పాడు. తను చూడ్డానికొచ్చిన రోజు తల్లి చెంచా నోట్లోకి రానివ్వలేదట. ఒకటికి రెండుసార్లు ప్రయత్నించాడు. పొలంలో మనుషులు కాచుక్కూర్చున్నారు, మబ్బు పట్టింది, ఆమె దవడ బిగించేసింది.

"తినకపోతే చచ్చిపోతావే అని అరిచాను. మా అమ్మ మీద. అప్పటికి ఆవిడకి మాట అర్థమవుతోంది. నా వంక చూసింది. నేను చెంచా పళ్ళెంలో పడేసి వెళ్ళిపోయాను. మళ్ళీ వచ్చేసరికి కళ్ళు తెరవలేదు."

నోర్మా అన్న భుజం మీద చెయ్యేసింది. అతను ముక్కు తుడుచుకున్నాడు.

"నువ్వు ఆ ప్లోయ్ పెట్టకపోయుంటే నాకు ఇంకేం మిగిలేది కాదు, జానీన్. మా పిండే. కడుపునిండా తిందని చెల్లెలు చెప్పింది. అది పేపర్లో పడితే, మంచులో నడిచొచ్చి మరీ దండం పెడతాను నీకు."

జానీన్ కాఫీ తాగింది. తీసేయండి అనే మాట నాలుక చివరదాకా వచ్చింది, దాన్ని కాఫీతో పాటే మింగేసింది. కడుపునిండా కాదు రినో, రెండు ముక్కలే, ఇంకా అడిగితే నేనివ్వలేదు అనే మాట దాని వెనకే వచ్చింది. దాన్నీ మింగింది. దుంపలు ఈ ఏడు బాగున్నాయా అని అడిగింది. బాగున్నాయి అన్నాడు. గుమ్మం దాకా వచ్చిన నోర్మా ఆమె మొహంలోకి నిదానంగా చూసి, అంతా బాగానే ఉంది కదా అంది. బాగానే ఉంది అని జానీన్ కారెక్కింది. దారంతా తనని తాను తిట్టుకుంటూనే ఉంది, కానీ వెనక్కి మాత్రం తిప్పలేదు.

సోమవారం పొద్దున్నే ట్రిషా గదిలోకి వెళ్ళి తలుపు మూసింది. ట్రిషాకి సూది పట్టుకోవడం నేర్పింది జానీనే. ఇప్పుడు ఆ పిల్ల కుర్చీలో, తను ఎదురుగా. పేపర్లో పడ్డాక ఒకరు అడిగితే చెప్పడం వేరు, అడక్కముందే వచ్చి చెప్పడం వేరు, ఆ తేడా ఇద్దరికీ తెలుసు. జానీన్ ఏదీ దాచకుండా మొత్తం చెప్పింది. ట్రిషా కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి రెండు చేతులతో మొహం రుద్దుకుంది.

"ఫోన్ చెయ్యడానికేం, జానీన్? ఒక్క ఫోను. ఆయన సరే అనేవాడు."

"అనేవాడు. అప్పటికి ఆవిడ మేలుకునుండేది కాదు."

"కుక్కప్పుడూ ఇదే చెప్పావు."

"కుక్కప్పుడూ అంతే జరిగింది."

ట్రిషా కంప్యూటరు ఆమె వైపు తిప్పింది. ఆలస్యంగా చేర్చేదానికి పద్ధతుంది. పాతది చెరపకూడదు, దిద్దకూడదు. పైన ఈ రోజు తేదీ, ఇది ఆలస్యంగా రాస్తున్నది అన్న మాట, ఏ సాయంత్రం సంగతో అది, ఆ కింద జరిగినది. జరిగినదే రాయి, ఎందుకు చేశావో రాయకు, జాలిగా రాయకు, అంది ట్రిషా. జానీన్ రాసింది. రోగిని నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం దించి, ఆర్డరులో లేని మామూలు తిండి రెండు చిన్న ముక్కలు ఇచ్చాను. దగ్గు లేదు. రెండో ముక్క తర్వాత గొంతు తడిగా మోగింది. రోగి ఇంకా కావాలని అడిగింది. ఇవ్వలేదు. నోరు శుభ్రం చేశాను. డాక్టరుకి చెప్పలేదు. ఇవ్వలేదు అన్న చోట వేలు కాసేపు ఆగింది. తర్వాత మీట నొక్కింది.

పైవాళ్ళకి పంపాలి, వాళ్ళేమంటారో చెప్పలేను అంది ట్రిషా. అంతదాకా పని చేసుకోమంది. జానీన్ వెళ్ళి మంచాల దుప్పట్లు మార్చింది.

బుధవారం పేపరొచ్చింది. టీ గదిలో ముగ్గురు తలలు ఆనించి చదువుతున్నారు, ఆమెని చూడగానే భుజం తట్టారు. జానీన్ నిలబడే చదివింది. ఫ్రెంచి ఉంది, జడ ఉంది, దుప్పటి ఉంది, ఏడ్చినా తొందరపెట్టలేదన్నదీ ఉంది. ప్లోయ్ లేదు. రినో వాక్యం లేదు. మళ్ళీ మొదటినుంచి చదివింది, లేదు. గండం గడిచిందని సంతోషించాల్సిన మనిషి, ఎవరో తన చేతిలోది లాక్కున్నట్టు నిలబడిపోయింది. నడవాలోకి వెళ్ళి నోర్మాకి ఫోన్ చేసింది.

నోర్మా గొంతు తగ్గించి చెప్పింది. ఆ సాయంత్రం జానీన్ మొహం చూశాక ఆమెకి నిద్రపట్టలేదట. వృద్ధుల కేంద్రంలో పనిచేసే పక్కింటమ్మాయిని, పేరు చెప్పకుండా, ఇలా పెడితే ఏమవుతుందని అడిగింది. ఆ అమ్మాయి, అయ్యో, ఉద్యోగం పోతుంది అంది. అంతే, సోమవారం పొద్దున్నే పేపరువాళ్ళకి ఫోన్ చేసి వాక్యం తీయించేసింది. రినోకి చెప్పలేదు. అతను పొద్దున పేపరు కొని, పెట్రోలు బంకులోనే నిలబడి చదివి, నేరుగా ఆమె ఇంటికొచ్చాడట.

"అమ్మ నోట్లోంచి లాగేశావు అన్నాడు. ఆ ఒక్క మాటే అని వెళ్ళిపోయాడు. ఫోనెత్తట్లేదు. నీ గురించే చేశానని ఎలా చెప్పను? చెప్తే నీ మీదికి వస్తుంది."

"నోర్మా, నేను సోమవారమే చెప్పేశాను. ట్రిషాకి. మొత్తం. రాసేశాను కూడా."

ఇద్దరాడవాళ్ళు, ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకే పొద్దున ఒకరు జానీన్ ఉద్యోగాన్ని, ఒకరు రినో వాక్యాన్ని కాపాడబోయి, మధ్యలో రినోని ముంచేశారు. నోర్మాకి ముందు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

"మళ్ళీ వేయించు" అంది జానీన్. "పోయినవారం ఒక వాక్యం జారిపోయిందని వేయించు. వాళ్ళు వేస్తారు."

"కడుపునిండా అని ఉంటే నీకు ఇంకా చెడ్డ కాదూ?"

చెడ్డే. రెండు ముక్కలు వేరు, కడుపునిండా వేరు. పైవాళ్ళింకా ఏమీ తేల్చలేదు, వాళ్ళ బల్ల మీద ఈ పేపరు పడితే ఏమవుతుందో జానీన్‌కి తెలియంది కాదు. ఆమెకి భయం వేసింది. ఆ భయంతోనే చెప్పింది.

"అతను రాసింది రాసినట్టే వేయించు."

"బాగా తింది కదా అమ్మ? నేను చివర్లో వచ్చాను, నీకే తెలుసు."

"తింది" అంది జానీన్. "వెన్న బాగా పట్టిన ముక్క. కళ్ళు మూసుకుని తింది."

తర్వాతి బుధవారం కృతజ్ఞతల శీర్షిక కింద, నాలుగు గీతల మధ్య పెట్టి వేశారు. గత వారం తెరియో కుటుంబం కృతజ్ఞతల్లో ఈ వాక్యం పొరపాటున రాలేదు, అని మొదలెట్టి, రినో మాటలు ఉన్నవి ఉన్నట్టే. గీతలు కొట్టడం వల్ల అసలు కృతజ్ఞతల కంటే అదే పెద్దగా కనపడింది, ఊళ్ళో చదవనివాళ్ళు లేరు. ఆ మధ్యాహ్నమే రినో ఆసుపత్రికొచ్చాడు. బక్‌వీట్ పిండి బస్తా మోసుకొచ్చాడు. తీసుకోకూడదు రినో అంటే, నీకెవరిచ్చారు, అందరికీ తెచ్చాను అని టీ గదిలో బల్ల మీద పెట్టి, చెల్లెలి దగ్గరికి భోజనానికి పోతున్నానని చెప్పి వెళ్ళాడు. దండం మాత్రం పెట్టలేదు, టోపీ తీసి నిలబడ్డాడు.

మర్నాడు ట్రిషా పిలిచింది. బల్ల మీద ఒక పక్క పేపరు, ఇంకో పక్క చార్టులోంచి తీసిన కాగితం.

"బోర్డుకి పోవట్లేదు" అంది ముందుగానే. ఇంటివాళ్ళూ డాక్టరూ అప్పటికే ఒప్పుకుని ఉన్నారు, నువ్వు అడక్కముందే వచ్చి చెప్పావు, అందుకని రెండో హెచ్చరికతో ఆపారు అని చెప్పింది. మింగుడు సమస్యల మీద పాఠం మొత్తం మళ్ళీ చదివి పరీక్ష రాయాలి. ఇంకోసారి అన్న మాటే ఉండదు. జానీన్ తలూపింది.

"కానీ పైవాళ్ళకి ఒక అనుమానం. నువ్వు రెండు ముక్కలని రాశావు, అడిగితే ఇవ్వలేదని రాశావు. పేపర్లో కడుపునిండా అని ఉంది. ఏది నిజమో కనుక్కోమన్నారు."

"చార్టులోదే. రెండే."

"అయితే పేపర్లోది తప్పని ఆ ఇంటివాళ్ళకి చెప్తావా?"

"రోగి సంగతి బయట నోరెత్తకూడదని ఏటా మాకు పాఠం చెప్పేది నువ్వే కదా."

ట్రిషా నవ్వబోయింది, ఎదురుగా ఉన్న మొహం చూసి ఆగింది. జానీన్ ఏడుస్తోంది. వార్డులో ఎన్ని చావులు చూసినా కన్నీళ్ళు రానివ్వని మనిషి, చేతులు ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లలా ఏడుస్తోంది.

"చెయ్యి చాపింది ట్రిషా. ఇంకా అని అడిగింది. గొంతు అలా మోగుతుంటే ఎలా పెడతాను? పెట్టలేదు. ఆకలితోనే పోయింది. అది నాకు తెలుసు, నేను మోస్తాను. ఆ రినో కూడా ఎందుకు మొయ్యాలి?"

ట్రిషా కాగితపు రుమాళ్ళ పెట్టె ఆమె వైపు జరిపింది. తర్వాత హెచ్చరిక కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెట్టారు. జానీన్ జేబులోంచి కార్డు తీసిచ్చింది, ట్రిషా నకలు తీసి ఫైల్లో హెచ్చరిక పక్కనే పెట్టి, అసలుది తిరిగి ఆమె చేతికిచ్చింది.